ఇరవై లాభం, ఇరవై నష్టం: ఆ నాలుగు శాతం ఎక్కడ పోయింది?

గ్రూప్స్‌కో, బ్యాంకు, రైల్వే ఉద్యోగాలకో చదివేవాళ్లకు లాభనష్టాల పాఠంలో ఈ లెక్క తప్పకుండా ఎదురవుతుంది. ఒక వ్యాపారి రెండు వస్తువులను ఒకే ధరకు అమ్మాడు. ఒకదాని మీద 20 శాతం లాభం, రెండోదాని మీద 20 శాతం నష్టం. మొత్తం మీద అతనికి మిగిలిందా, పోయిందా? దానికీ దీనికీ సరిపోయిందని చాలామంది వెంటనే అనేస్తారు. నిజానికి 4 శాతం నష్టం.

అదెలాగో పాత ఫోన్లు కొని అమ్మే దుకాణంలో చూద్దాం. దుకాణదారుడు రెండు ఫోన్లను చెరో 12,000 రూపాయలకు అమ్మాడనుకుందాం. మొదటిది 20 శాతం లాభానికి పోయింది. అంటే దాన్ని 10,000కు కొన్నాడు. పదివేల మీద ఇరవై శాతం రెండువేలు, కలిపితే పన్నెండు వేలు. రెండోది 20 శాతం నష్టానికి పోయింది. అంటే కొన్నది 15,000కు. అందులో ఇరవై శాతం మూడువేలు, తీసేస్తే పన్నెండు వేలు. గల్లాపెట్టెలోకి వచ్చింది 24,000. చేతి నుంచి పోయింది 25,000. వెయ్యి రూపాయలు తగ్గింది. పాతిక వేలలో వెయ్యి అంటే సరిగ్గా 4 శాతం.

కారణం ఆ కొన్నవెలల్లోనే ఉంది. ఒకే ధరకు అమ్మినప్పుడు నష్టానికి పోయిన వస్తువు ఎప్పుడూ ఎక్కువ పెట్టి కొన్నదే అయి ఉంటుంది. లాభం వచ్చింది చవకగా కొన్నదాని మీద. రెండు చోట్లా శాతం ఇరవయ్యే, కానీ ఒకటి పదివేలలో ఇరవై, ఇంకొకటి పదిహేను వేలలో ఇరవై. అందుకే అమ్మినధర ఎంతైనా సరే, ఈ బేరంలో నష్టం తప్పదు. ఫోన్ల బదులు 24 రూపాయల చొప్పున రెండు పెన్నులు అమ్మినా కొన్నవెలలు 20, 30 అవుతాయి. యాభైకి రెండు రూపాయలు పోతాయి. అదీ 4 శాతమే.

కోచింగ్ సెంటర్లలో దీనికి ఒక సూత్రం నేర్పుతారు: శాతాన్ని వర్గం చేసి వందతో భాగిస్తే నష్టశాతం వస్తుంది. 20కి 4, 10కి 1, 30కి 9. సూత్రం సరైనదే, కానీ అమ్మినవెలలు సమానంగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. ప్రశ్నలో "ఒకే ధరకు అమ్మాడు" బదులు "ఒకే ధరకు కొన్నాడు" అని ఉంటే జవాబు మారిపోతుంది. రెండు ఫోన్లనూ చెరో 10,000కు కొని ఒకటి 12,000కు, ఇంకొకటి 8,000కు అమ్మితే పెట్టిన ఇరవై వేలూ వెనక్కి వస్తాయి. అక్కడ లాభమూ లేదు, నష్టమూ లేదు. ఈ ఒక్క మాట దగ్గర తొందరపడి మార్కు పోగొట్టుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లకు లెక్క వచ్చు.

ఇంకొక పొరపాటు ఉంది. కొన్నవెల కనుక్కోవడానికి కొందరు అమ్మినవెలలోంచే ఇరవై శాతం తీసేస్తారు. 12,000లో ఇరవై శాతం 2,400 కాబట్టి మొదటి ఫోను కొన్నది 9,600కు అనుకుంటారు. తప్పో ఒప్పో తెలుసుకోవాలంటే తిరిగి కట్టి చూడాలి: 9,600 మీద ఇరవై శాతం వేస్తే 11,520 వస్తుంది, పన్నెండు వేలు రాదు. పన్నెండు వేలు కొన్నవెలలో 120 శాతం కాబట్టి దాన్ని 120తో భాగించి వందతో హెచ్చించాలి. నష్టానికి అమ్మినదైతే 80తో భాగించాలి.

అయితే ఆ తప్పు పద్ధతికి వ్యాపారంలో ఒక చోటుంది. చాలామంది వ్యాపారులు మార్జిన్‌ను అమ్మినధర మీదే కడతారు. అలా కట్టినప్పుడు కొన్నవెలలు 9,600, 14,400 అవుతాయి, మొత్తం 24,000, అంటే నష్టం సున్నా. బడి పుస్తకంలో మాత్రం వేరే చెప్పకపోతే లాభశాతమైనా నష్టశాతమైనా కొన్నవెల మీదే. ఎవరైనా ఇరవై శాతం మిగిలిందని చెప్పినప్పుడు అది దేని మీద కట్టిన ఇరవయ్యో అడగాలి.

ఇక ఆ దుకాణదారుడి సంగతి. రెండో ఫోను మీద పోయిన మూడువేలు మొదటిదాని మీద రావాలంటే, దాన్ని 12,000కే అమ్మే పక్షంలో 9,000కు కొని ఉండాలి. అంటే ఇరవై శాతం నష్టాన్ని పూడ్చడానికి అతనికి 33 శాతం పైచిలుకు లాభం కావాలి.