బీరు ఎందుకు ‘తేలిక’ కాదు?

"బీరే కదా, ఏమవుతుంది?" అంటుంటారు. లెక్క వేద్దాం. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం ఆల్కహాలు ఉంటే, అది 32 మి.లీ. పైమాటే. 60 మి.లీ. విస్కీలో 43 శాతం చొప్పున ఉండేది సుమారు 26 మి.లీ. అంటే తేలిక అనుకున్న సీసాలోనే ఎక్కువ!

ఆ 32 మి.లీ. బరువు దాదాపు 25 గ్రాములు. పెద్దవాళ్ల కాలేయం కూడా గంటకు సుమారు 7, 8 గ్రాములే విచ్ఛిన్నం చేయగలదు. కాబట్టి మూడు గంటలకు పైగా పడుతుంది. మజ్జిగ, నిమ్మరసం, చన్నీటి స్నానం, ఏవీ ఆ వేగాన్ని పెంచవు.

మరి విద్యార్థులైన మీ చదువు సంగతి? పగలు చదివింది రాత్రి నిద్రలో మెదడులో గట్టిపడుతుంది. మందు త్వరగా నిద్రపుచ్చుతుంది గానీ, కలలొచ్చే నిద్రను తగ్గించి, తెల్లవారుజామున మెలకువ తెప్పిస్తుంది. ఎదుగుతున్న మీ మెదడుకు ఈ నష్టం మరీ ఎక్కువ.

"పడుకుంటే దిగిపోతుంది" అన్న మాట ఇంకా ప్రమాదకరం. కడుపులో మిగిలిన మందు నిద్రలోనూ రక్తంలో కలుస్తూనే ఉంటుంది. స్నేహితుడు పిలిచినా లేవకపోతే, ఊపిరి మందగిస్తే, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒంటరిగా వదలకండి.