మధుపర్కాల తెలుపు, బోర్డరు తెలుపు

ఈమధ్య కొన్ని పెళ్లిళ్లలో అతిథుల సంతకాల పుస్తకం పక్కన ఒక చిన్న ఇన్‌స్టంట్ కెమెరా కూడా కనిపిస్తోంది. నొక్కగానే ఫోటో బయటికొస్తుంది, కొద్ది నిమిషాల్లో బొమ్మ తేలుతుంది, దాన్ని పుస్తకంలో అంటించి కింద రెండు మాటలు రాస్తారు. పెళ్లయ్యాక ఆ పుస్తకాన్ని స్కాన్ చేసి అందరికీ పంపాలనుకున్నప్పుడు, ఫోటో చుట్టూ ఉన్న తెల్ల బోర్డరు తీసేయాలన్న ఆలోచన వస్తుంది. చాలామంది సాఫ్ట్‌వేరులో ఆటోమేటిక్‌గా కత్తిరించే బటన్ నొక్కేస్తారు, లేదంటే మౌస్ పట్టుకుని కంటి అంచనాతో గడి గీస్తారు.

తెలుగు పెళ్లి ఫోటోలో ఈ రెండూ దెబ్బతినే చోటు ఒకటుంది. మధుపర్కాలు కట్టుకున్న వధూవరులు ఫోటో అంచుదాకా కూర్చుని ఉంటే, ఎర్రంచు తెల్ల బట్ట నేరుగా తెల్ల బోర్డరులోకి కలిసిపోతుంది. బొమ్మ ఎక్కడ ఆగిందో, కాగితం ఎక్కడ మొదలైందో కంటికి అందదు. ఫ్లాష్ వెలుగు బట్ట మీద నేరుగా పడితే మరీ కష్టం.

ఆటోమేటిక్ బటన్‌కు బోర్డరు అంటే ఏమిటో తెలియదు. మూలనున్న రంగు చూసి, దానికి దగ్గరగా ఉన్న వరసలన్నీ బయటినుంచి లోపలికి తీసుకుంటూ పోతుంది. స్కానర్ మూత తెలుపు, ఫోటో బోర్డరు తెలుపు, రెండూ ఒకే తెలుపు కావు. ‘ఎంత దగ్గర రంగును ఒకటే అనుకోవాలి’ అన్న పరిమితి తక్కువ పెడితే మూత తెలుపు పోయి బోర్డరు మిగిలిపోతుంది. ఎక్కువ పెడితే బోర్డరుతోపాటు, అంచున బాగా వెలిగిపోయిన ఆకాశం, తెల్ల గోడ, మధుపర్కం కొంగు కూడా పోతాయి. మధ్యలో సరైన విలువ దొరికినా అది ఆ ఒక్క ఫోటోకే సరిపోతుంది.

అయితే ఈ ఫోటోలకు ఒక సౌకర్యం ఉంది. వాటి కొలతలు ఫ్యాక్టరీలోనే ఖరారవుతాయి. పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపించే ఫ్యూజీఫిల్మ్ ఇన్‌స్టాక్స్ మినీ కార్డు 86 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పు. లోపలి బొమ్మ 62 పొడవు, 46 వెడల్పు. అంటే పక్కలకు రెండువైపులా కలిపి 8 మిల్లీమీటర్లు, పైనా కిందా కలిపి 24 మిల్లీమీటర్లు బోర్డరుకే పోతోంది. ఇదే సంస్థ స్క్వేర్ కార్డు 86కు 72, బొమ్మ 62కు 62. వైడ్ కార్డు 86కు 108, బొమ్మ 62కు 99.

పైనా కిందా అంత కాగితం అలంకారం కోసం కాదు. ఫోటోను డెవలప్ చేసే రసాయనం ఒక సన్నని సంచిలో కార్డు ఒక చివర దాగి ఉంటుంది. కార్డు కెమెరాలోని రెండు రోలర్ల మధ్యనుంచి బయటికి వస్తున్నప్పుడు ఆ సంచి పగిలి, రసాయనం బొమ్మంతా పలచగా పరుచుకుంటుంది. మిగిలిపోయిన రసాయనం అవతలి చివర ఆగాలి. ఒక చివర సంచికి చోటు కావాలి, మరో చివర మిగులుకు చోటు కావాలి. అందుకే ఆ రెండు పట్టీలూ వెడల్పు, పైగా ఒకదానికొకటి సమానం కావు. ‘నాలుగువైపులా సమానంగా కోసేస్తే సరి’ అనుకునేవారి లెక్క ఇక్కడే తప్పుతుంది.

ఇక స్కాన్. అద్దం మీద ఫోటో బోర్లా పెట్టి, దాని వెనక ఒక నల్ల కాగితం పరిచి మూత వేయాలి. నలుపు మీద తెల్ల కార్డు బయటి అంచు స్పష్టంగా పడుతుంది. ఈ పని మొత్తంలో చవకైన, బాగా ఉపయోగపడే ఉపాయం ఇదే. స్కానర్‌ను అంగుళానికి 600 చుక్కల దగ్గర పెట్టి, ఫైలును పీఎన్‌జీగానో టిఫ్‌గానో దాచుకోవాలి. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో మిల్లీమీటరుకు దాదాపు 23.6 పిక్సెళ్లు వస్తాయి. కాగితం మీద లెక్కేస్తే కార్డు వెడల్పు 1276 పిక్సెళ్లు, పొడవు 2031. బొమ్మ వెడల్పు 1087, పొడవు 1465.

ఒక నిలువు ఫోటోను ఉదాహరణగా తీసుకుని చివరిదాకా చూద్దాం. ఉచితంగా దొరికే గింప్‌లో స్కాన్ తెరిచి బాగా పెద్దది చేస్తే, మౌస్ ఉన్నచోటి అంకెలు కిటికీ అడుగున కనిపిస్తుంటాయి. మొదట చూడాల్సింది వంకర. బొమ్మ ఎడమ హద్దు 400వ వరసలో 171వ పిక్సెల్ దగ్గర ఉంది, 1700వ వరసకు వచ్చేసరికి 160కి జరిగింది. 1300 వరసల్లో 11 పిక్సెళ్ల తేడా. 11ని 1300తో భాగించి కోణంగా మారిస్తే 0.485 డిగ్రీలు, అంటే అర డిగ్రీకి కాస్త తక్కువ. కంటికి ఈ వంకర కనబడదు. సరిచేయకుండా నిలువుగా కోస్తే మాత్రం ఒక మూల దాదాపు 12 పిక్సెళ్ల తెల్ల ముక్క మిగులుతుంది, లేదా అంత బొమ్మ పోతుంది. కుడి హద్దును కూడా ఇలాగే కొలవాలి. అక్కడా 11 వస్తే నిజంగా వంకరే. అక్కడ 2, 3 మాత్రమే వస్తే ఫోటో అద్దానికి అంటకుండా వంగి ఉందన్నమాట. తిప్పి లాభం లేదు, మళ్లీ స్కాన్ చేయాల్సిందే.

ఈ ఫోటోలో గీత పైభాగం కుడికి వాలింది కనుక గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పాలి. గింప్‌లో `Measure` పరికరంతో హద్దు వెంబడి గీత లాగి `Straighten` నొక్కినా ఇదే జరుగుతుంది. ఇమేజ్‌మ్యాజిక్ వాడేవారికి:

```
magick scan.png -background black -rotate -0.485 +repage rotated.png
```

తిప్పాక బొమ్మ పరిమాణం మారుతుంది కాబట్టి పాత అంకెలు ఇక పనికిరావు. కొలతలన్నీ ఈ కొత్త ఫైలు మీదే తీసుకోవాలి.

ఇప్పుడు కార్డు బయటి అంచులు. మూలలు కొద్దిగా గుండ్రంగా ఉంటాయి గనుక అంచుల మధ్యభాగంలో కొలవాలి. ఎడమ అంచు 70, కుడి అంచు 1346. వెడల్పు 1276, లెక్కకు అచ్చంగా సరిపోయింది. పొడవు మాత్రం 2031 రావాల్సింది 2037 వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. అడ్డంగా పిక్సెళ్లను లెక్కించేది స్కానర్‌లోని సెన్సరు వరస. నిలువుగా వాటిని నిర్ణయించేది ఆ వరసను మోటారు నడిపే వేగం. మోటారు రవ్వంత నెమ్మదిగా కదిలితే బొమ్మ ఆ దిశలో సాగుతుంది. అందుకే 600 అన్న అంకెను గుడ్డిగా నమ్మకుండా కార్డునే కొలబద్దగా వాడుకోవాలి. 86 మిల్లీమీటర్లకు 2037 అయితే 62కు 1469. ఇక్కడ బొమ్మ అసలు పొడవు అది, 1465 కాదు.

పరిమాణం తెలిసింది, స్థానం తేలాలి. పక్క బోర్డర్లు చెరో 4 మిల్లీమీటర్లు, అంటే చెరో 94 పిక్సెళ్లు ఉండాలని లెక్క చెబుతుంది. ఈ కార్డులో ఎడమవైపు 98, కుడివైపు 91 ఉన్నాయి. బొమ్మ కార్డు మధ్య నుంచి మిల్లీమీటరులో ఏడో వంతు పక్కకు జరిగిందన్నమాట. అందుచేత పరిమాణాన్ని కార్డు నిష్పత్తి నుంచి తీసుకున్నా, స్థానాన్ని మాత్రం ఏ ఫోటోకు ఆ ఫోటోలోనే కొలవాలి. ఒక ఫోటోకు కుదిరిన అంకెలనే పుస్తకంలోని ఫోటోలన్నిటికీ వేస్తే సగం వాటికి తెల్ల చారలు మిగులుతాయి.

హద్దు అనేది కూడా ఒకే పిక్సెల్ దగ్గర తెగదు. తెలుపు నుంచి బొమ్మ రంగుకు దిగడానికి నాలుగైదు పిక్సెళ్లు పడుతుంది. బోర్డరు విలువ 236, లోపలి బొమ్మ 60 అనుకుంటే, వాటికి సరిగ్గా నడుమ ఉన్న 148కి దగ్గరగా ఎక్కడ వస్తుందో దాన్నే హద్దుగా తీసుకోవాలి. ఎప్పుడూ ఒకే పద్ధతి పాటిస్తే నాలుగువైపులా ఒకే తీరుగా వస్తుంది.

మరి మధుపర్కం అంచుకు తగిలినచోట? అక్కడ నడుమ విలువ వెతకడం వృథా, రెండువైపులా తెలుపే. హద్దు సరళరేఖ కాబట్టి ఆ వైపంతా కనబడాల్సిన అవసరం లేదు. బట్టకు పైన పందిరి నీడ ఉన్నచోట ఒక చుక్క, కింద పీట ముదురు రంగు ఉన్నచోట ఇంకో చుక్క దొరికితే చాలు, ఆ రెండిటినీ కలిపే గీతే బట్ట వెనకనుంచీ పోతుంది. ఆ వైపు ఒక్క చుక్కా దొరక్కపోతే ఎదుటి హద్దు నుంచి లెక్కించాలి. కుడి హద్దు 1255 దగ్గర స్పష్టంగా ఉంది. అందులోంచి 1087 తీసేస్తే ఎడమ హద్దు 168. బల్బుల పసుపు వెలుగులో తీసిన ఫోటో అయితే ఇంకో దారి ఉంది. నీలం ఛానల్‌ను విడిగా చూస్తే పసుపు తిరిగిన బట్ట ముదురుగా, బోర్డరు లేతగా విడిపోతాయి. ఫ్లాష్ ఫోటోల్లో ఈ ఉపాయం అంతగా పారదు.

పై హద్దు 232, కింది హద్దు 1701 వచ్చాయి. రెంటికీ తేడా 1469, లెక్కతో కలిసింది. చివరగా ఆ మసక పిక్సెళ్లు పోవడానికి నాలుగువైపులా మూడేసి పిక్సెళ్లు లోపలికి జరగాలి. పోయేది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెడల్పు 1081, పొడవు 1463 అవుతాయి. ఎడమనుంచి 171, పైనుంచి 235 దగ్గర మొదలవుతుంది. గింప్‌లో `Crop` పరికరం కింద `Position`, `Size` గడుల్లో ఈ అంకెలు టైపు చేయొచ్చు. కమాండ్ ఇది:

```
magick rotated.png -crop 1081x1463+171+235 +repage photo.png
```

కోసిన బొమ్మను తెల్ల నేపథ్యం మీద చూస్తే తప్పు దాగిపోతుంది. ముదురు ఎరుపో ఆకుపచ్చో వెనక పెట్టి, పెద్దది చేసి నాలుగు అంచులూ చూడాలి. ఒక పక్క పొడవునా సమానంగా తెల్ల చార ఉంటే స్థానం కొలవడంలో తేడా. ఎదురెదురు పక్కల రెండిటా ఉంటే పరిమాణం లెక్క తప్పింది, కార్డు బయటి అంచులు మళ్లీ కొలవాలి. ఒక మూల మొదలై పోనుపోను సన్నబడి మాయమయ్యే చార అయితే వంకర ఇంకా మిగిలి ఉంది. చార మధ్యలో ఉండి రెండు చివరలా లేకపోతే, లేదా చివరల ఉండి మధ్యలో లేకపోతే, కార్డు వంగి స్కాన్ అయింది. దాన్ని ఏ అంకెలూ బాగుచేయలేవు. ఫోటోను ఒక పుస్తకం కింద రెండు రోజులు ఉంచి తిరిగి స్కాన్ చేయడం తేలిక. పుస్తకంలో అంటించిన ఫోటోలకు ఆ వీలు లేదు కనుక, వాటికి మూడుకు బదులు ఏడెనిమిది పిక్సెళ్లు లోపలికి కోసుకుని, బోర్డరు మీది చేతిరాతతో ఉన్న అసలు స్కాన్‌ను విడిగా ఉంచుకోవచ్చు.