కొత్త పోస్టు కావాలంటే ఆగిపోయిన డబ్బు చూపించాలి

"మావాళ్లు రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుంటున్నారు సార్, ఒక్క మనిషినైనా ఇవ్వండి." ఈ మాట అడిగిన మేనేజరుకు పై నుంచి సాధారణంగా వచ్చే జవాబు, "చూద్దాంలెండి." వినేవాళ్లకు జాలి లేక కాదు. ఆ వారంలోనే నర్సింగ్ నుంచి, ల్యాబ్ నుంచి, హౌస్‌కీపింగ్ నుంచి కూడా అదే మాట వచ్చి ఉంటుంది. అందరూ కష్టపడుతున్నప్పుడు కష్టాన్ని బట్టి ఎవరికి ఇవ్వాలో తేల్చలేరు. అందుకే మ్యాన్‌పవర్ రిక్విజిషన్ ఫారంతో పాటు, ఆ పోస్టు ఎందుకు కావాలో లెక్కతో చెప్పే రెండు పేజీల నోటు అడుగుతారు. దాన్నే బిజినెస్ కేస్ అంటారు.

ఒక 200 పడకల ప్రైవేటు ఆస్పత్రిని ఊహించుకుందాం. అక్కడి ఇన్సూరెన్స్ డెస్క్‌లో ముగ్గురున్నారు, మేనేజరు నాలుగో మనిషిని అడుగుతున్నారు. ఈ ఆస్పత్రి అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. దాని వెనక ప్రశ్నలు మాత్రం ఏ ఫైనాన్స్ విభాగమైనా అడిగేవే.

ముందు పని ఎంతుందో తేలాలి. రిజిస్టరు ప్రకారం నెలకు సగటున 570 క్లెయిములు వస్తున్నాయి. ఈ సగటు పన్నెండు నెలలది కావాలి. వానాకాలం జ్వరాలతో వార్డులు నిండిన రెండు మూడు నెలల అంకె చూపిస్తే, ఫైనాన్స్ హెడ్ మొదటి నిమిషంలోనే పట్టేస్తారు. అడ్మిషన్ రోజు అనుమతి కోరడం దగ్గర్నుంచి, ఇన్సూరెన్స్ వాళ్ల క్వెరీలకు జవాబిచ్చి డిశ్చార్జ్ తర్వాత ఫైలు పంపేదాకా ఒక్కో క్లెయిముకు గంట పడుతోంది. అంటే నెలకు 570 గంటలు. ఒక మనిషికి 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 208 గంటలు కాగితం మీద ఉంటాయి. సెలవులు, భోజనం, రోగుల బంధువులకు కౌంటర్ దగ్గర చెప్పాల్సిన సమాధానాలు తీసేస్తే ఫైళ్ల మీద కూర్చునేది 150 గంటలకు మించదు. ముగ్గురికీ కలిపి 450. తక్కువ పడుతున్నవి 120 గంటలు.

ఇక్కడ నిజాయితీగా ఒక పరీక్ష పెట్టుకోవాలి. ఆ గంటలో వృథా ఎంత? మన ఆస్పత్రిలో అంతకు ముందు ఒక్కో క్లెయిముకు 68 నిమిషాలు పట్టేది. డిశ్చార్జ్ సమ్మరీ కోసం డెస్క్ వాళ్లు వార్డుల చుట్టూ తిరిగేవాళ్లు. ముందురోజు సాయంత్రమే సమ్మరీ సిద్ధం చేయమని డాక్టర్లను ఒప్పించాక గంటకు దిగింది. ఈ సంగతి నోటులో రాస్తే దాని బరువే వేరు. ఆ గంటలోంచి ఇంకో పదిహేను నిమిషాలు తగ్గి ఉంటే, నెలకు 142 గంటలు మిగిలి అసలు పోస్టే అక్కర్లేకపోయేది. నోటు రాయబోయి పోస్టు అవసరం లేదని తేలడం కూడా సంస్థకు లాభమే.

ఆ 120 గంటల పని ఆగితే ఏమవుతోంది? నోటు గెలిచేదీ ఓడేదీ ఈ ప్రశ్న దగ్గరే. డిశ్చార్జ్ అయిన ఫైలు ఇన్సూరెన్స్ కంపెనీకి చేరడానికి 12 రోజులు పడుతోంది. నాలుగో మనిషి ఉంటే 5 రోజులకు తగ్గుతుందని మేనేజరు అంచనా. ఒక్కో క్లెయిము సగటున 45,000 రూపాయలనుకుంటే నెలకు రెండున్నర కోట్ల పైచిలుకు, రోజుకు ఎనిమిదిన్నర లక్షలు. ఏడు రోజులు ముందుకు జరిగితే దాదాపు 60 లక్షలు త్వరగా చేతికొస్తాయి.

చాలామంది ఇక్కడే జారిపడతారు. "ఈ పోస్టుతో ఏడాదికి 60 లక్షల లాభం" అని రాసేస్తారు. అది లాభం కాదు. ఎలాగూ రావాల్సిన డబ్బు కాస్త ముందు వచ్చిందంతే, అదీ ఒక్కసారే. ఏటా మిగిలేది ఆ 60 లక్షల మీద వడ్డీ. ఆస్పత్రి పది శాతం వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్ వాడుతుంటే ఏడాదికి 6 లక్షలు. ఓవర్‌డ్రాఫ్టే లేకపోతే డిపాజిట్ వడ్డీ మాత్రమే లెక్కలోకి వస్తుంది. 60 లక్షలని రాసిన నోటును ఫైనాన్స్ వాళ్లు అక్కడే పక్కన పెట్టేస్తారు, మిగతా పేజీలో నిజమున్నా సరే.

రెండో నష్టం, గడువులోపు క్వెరీకి జవాబు వెళ్లక తిరస్కరించిన క్లెయిములు. గత ఆరు నెలల్లో అలా పోయింది 4.8 లక్షలు, ఏడాదికి 9.6 లక్షలు. కొత్త మనిషి వస్తే ఇదంతా ఆగిపోతుందని రాయకూడదు. సగం ఆగుతుందని, అంటే 4.8 లక్షలని వేసుకుంటే ఎవరూ కాదనలేరు. రెండూ కలిపి ఏడాదికి 10.8 లక్షలు.

రోగుల ఎదురుచూపు సంగతి? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే ఆదేశాల ప్రకారం, డిశ్చార్జ్ అనుమతి కోరిన మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చాలి. అయితే ఆ మూడు గంటలు మొదలయ్యేది ఆస్పత్రి నుంచి రిక్వెస్టు వెళ్లాకే. డెస్క్ మీద ఫైలు పడున్న సమయం ఆస్పత్రి ఖాతాలోనే పడుతుంది. ఇంటికెళ్లడానికి బట్టలు సర్దుకుని కూర్చున్న రోగికి ఆ తేడా తెలియదు. ఈ విషయాన్ని నోటులో తప్పకుండా రాయాలి, కానీ రూపాయల్లోకి మార్చకుండా మాటల్లోనే.

ఖర్చు వైపు జీతం ఒక్కటే రాస్తే చాలదు. నెలకు 25,000 జీతం, అందులో బేసిక్ 15,000 అనుకుంటే, పీఎఫ్‌కు యాజమాన్యం వాటా 12 శాతం, దాని మీద బీమా, నిర్వహణ ఛార్జీలు మరో శాతం. గ్రాట్యుటీకి బేసిక్‌లో 4.81 శాతం పక్కన పెట్టాలి. బోనస్, ఆరోగ్య బీమా కూడా కలిపితే నెలకు 30,000 దాకా, ఏడాదికి 3.6 లక్షలు అవుతుంది. కంప్యూటరు, కుర్చీ, సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు మొదట్లో మరో 80,000.

"ఓవర్‌టైమ్ చేయించొచ్చుగా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఇవ్వాలి. 25,000ను 208 గంటలతో భాగిస్తే గంటకు 120, రెట్టింపు 240. నూట ఇరవై గంటలకు 28,800. కొత్త మనిషికయ్యే ఖర్చుకు దాదాపు సమానం. పైగా ముగ్గురూ రోజూ గంటన్నర అదనంగా కూర్చోవాలి, అలసిన కళ్లతో చూసిన ఫైలులో తప్పులు దొర్లితే మళ్లీ క్వెరీలే. ఈ ఒక్క పోలిక చాలాసార్లు వాదనను తేల్చేస్తుంది. బయటి ఏజెన్సీకి ఇవ్వడం, ఏమీ చేయకుండా వదిలేయడం కూడా ఇలాగే ఖర్చుతో సహా నోటులో కనిపించాలి.

మొదటి ఏడాది లెక్కను విడిగా వేయాలి. ఆమోదం వచ్చాక మనిషి చేరడానికి రెండు నెలలు, పని పట్టుబడడానికి మరో రెండు. కాబట్టి పూర్తి ప్రయోజనం ఎనిమిది నెలలకే, 7.2 లక్షలు. ఖర్చు పది నెలల జీతభత్యాలు, సామగ్రి కలిపి 3.8 లక్షలు. పన్నెండు నెలల లాభం చూపించి తర్వాత సర్దిచెప్పుకోవడం కన్నా ఈ చిన్న అంకెతో వెళ్లడమే మేలు.

ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది గనక, అంతకు ముందు బడ్జెట్లు వేసే నెలల్లోనే ఈ కాగితం హెచ్‌ఆర్, ఫైనాన్స్ ముందుండాలి. బడ్జెట్ అయిపోయాక వస్తే అదనపు పోస్టు కింద లెక్క, అప్పుడు ఇంకో మెట్టు పైదాకా సంతకాలు కావాలి. మేనేజరు ఫైనాన్స్ వాళ్లతో ముందే ఒకసారి కూర్చుని వడ్డీ రేటు, సగటు క్లెయిము అంకెలు సరిచూసుకుంటే, సమావేశంలో వాదన అంకెల మీద నడవదు.

నోటు చివర్లో తనిఖీ తేదీ కూడా వేయాలి: మనిషి చేరిన ఆరో నెల చివర ఫైలు పంపే సమయం 5 రోజులకు వచ్చిందా, క్వెరీలతో పోయిన మొత్తం ఎంత తగ్గిందీ అదే రిజిస్టరు నుంచి చూపిస్తామని, తగ్గకపోతే ఆ మనిషిని బిల్లింగ్‌కు మారుస్తామని.