పన్నెండు రెసిస్టర్లు, ఎనిమిది మూలలు

గోధుమ, నలుపు, ఎరుపు, చివర బంగారు గీత. ఈ రంగులున్న వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్లు పన్నెండు తీసుకుని, ఘనం ఆకారంలో ఒక్కో అంచుకు ఒకటి చొప్పున సోల్డర్ చేశామనుకోండి. ఏవైనా రెండు మూలల మధ్య మల్టీమీటర్ పెడితే ఎంత చూపిస్తుంది? సిరీస్, పారలల్ సూత్రాలు ఇక్కడ నేరుగా పనిచేయవు. ప్రతి మూలలోనూ మూడు రెసిస్టర్లు కలుస్తాయి కాబట్టి ఏ రెండూ సిరీస్‌లో లేవు, పారలల్‌లోనూ లేవు.

ముందు బాగా దూరంగా ఉన్న రెండు మూలలు చూద్దాం: కింద ముందువైపు ఎడమ మూల, పైన వెనకవైపు కుడి మూల. మొదటిదానిలోకి 6 మిల్లీఆంపియర్లు పంపితే, ఎదురుగా ఉన్న మూడు దారులూ అచ్చం ఒకేలా ఉంటాయి కనుక తలా 2 వెళ్తాయి. తర్వాతి మూలలో ఆ 2 మళ్లీ రెండుగా చీలి 1 చొప్పున పోతాయి. చివరి అంచుల్లో మళ్లీ 2 చొప్పున చేరతాయి. ఏ దారిన నడిచినా వోల్టేజి 2+1+2, అంటే 5 వోల్టులు. దాన్ని 6 మిల్లీఆంపియర్లతో భాగిస్తే సుమారు 833 ఓమ్‌లు.

చాలామంది విద్యార్థులు ఇదే ధీమాతో పక్కపక్క మూలలకూ కరెంటును మూడు సమాన వాటాలు చేసేస్తారు. అక్కడే తప్పుతుంది. ఆ మూడు దారుల్లో ఒకటి నేరుగా గమ్యానికే పోతుంది, మిగతా రెండూ చుట్టుతిరిగి రావాలి. మూడింటినీ ఒకేలా లెక్కించే హక్కు మనకు లేదు.

అయితే లేని సౌష్ఠవాన్ని తెచ్చిపెట్టుకోవచ్చు. పక్కపక్క మూలలను అ, ఆ అందాం. మొదట అ లోకి 7 మిల్లీఆంపియర్లు పంపి, మిగతా ఏడు మూలల నుంచి 1 చొప్పున బయటికి లాగుదాం. ఇప్పుడు అ దగ్గరి మూడు అంచులకూ తేడా లేదు. ఒక్కోదానిలో 7/3 పారుతుంది. రెండోసారి, మిగతా ఏడు మూలల్లోకి 1 చొప్పున పంపి, ఆ నుంచి 7 లాగుదాం. అప్పుడూ అ–ఆ అంచులో, అదే దిశలో 7/3. ఈ రెండు స్థితులనూ కలిపితే మిగతా ఆరు మూలల్లో లాగిందీ పంపిందీ చెల్లిపోయి, అ లోకి 8 వస్తాయి, ఆ నుంచి 8 పోతాయి. అంచులో 14/3 మిల్లీఆంపియర్లు, అంటే దాని మీద 14/3 వోల్టులు. 8తో భాగిస్తే 7/12 కిలోఓమ్, దాదాపు 583 ఓమ్‌లు.

బంగారు గీత అంటే విలువ 5 శాతం అటూ ఇటూ కావచ్చని అర్థం. కాబట్టి మీటర్ 575 అన్నా, 590 అన్నా కంగారు పడనక్కర్లేదు. కానీ ఒక అంచు మీద 1400 దగ్గర చూపిస్తే మాత్రం ఆ అంచులో సోల్డర్ సరిగ్గా అతకలేదు. దాని రెసిస్టర్‌ లేనట్టే లెక్క. మీటర్ చూస్తున్నది మిగతా పదకొండింటి చుట్టుదారినే.