పున్నమి పక్కన పేరున్న చుక్క

పిల్లలూ, ముందు చప్పట్లు కొడుతూ పాడండి.

చైత్రం వచ్చెను చిగురులు తొడిగెను
వైశాఖంలో మల్లెలు విరిసెను
రెండూ కలిపితె వసంతమయ్యెను

జ్యేష్ఠం ఎండకు నేలలు నెర్రెలు
ఆషాఢంలో తొలకరి చినుకులు
రెండూ కలిపితె గ్రీష్మం అయ్యెను

శ్రావణమాసం ముసురులు పట్టెను
భాద్రపదంలో చెరువులు నిండెను
రెండూ కలిపితె వర్షం అయ్యెను

ఆశ్వయుజంలో తంగెడు పూసెను
కార్తికమాసం దీపం వెలిగెను
రెండూ కలిపితె శరత్తు అయ్యెను

మార్గశిరంలో మంచులు కురిసెను
పుష్యంలోపల ముగ్గులు మెరిసెను
రెండూ కలిపితె హేమంతమ్మే

మాఘం మామిడి పూతలు తొడిగెను
ఫాల్గుణమాసం మోదుగు మండెను
రెండూ కలిపితె శిశిరం అయ్యెను

వైశాఖంలో వసంతమేమిటి, ఒళ్లు కాలిపోతుంటే? రెంటచింతల పిల్లలు ఇలా అడిగితే తప్పుపట్టలేం. రెండేసి నెలలకో ఋతువన్నది పాత లెక్క. మన ఎండ ఆ లెక్క కోసం ఆగదు.

ఈ పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆకాశంలోనే కనిపిస్తుంది. మన నెల అమావాస్య మర్నాడు మొదలవుతుంది కాబట్టి పున్నమి నెల నడుమ వస్తుంది. ఆ రాత్రి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో నెలకు ఆ పేరే. చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ దగ్గరుంటే వైశాఖం. నక్షత్రాలు ఇరవై ఏడు, నెలలు పన్నెండు. అందుకే ఒక పున్నమి నుంచి మరో పున్నమికి చంద్రుడుండే చోటు ఒకసారి రెండు నక్షత్రాలు, ఒకసారి మూడు ముందుకు జరుగుతుంది.

కార్తిక పున్నమి నాడు మీరే చూడండి. పొద్దు వాలే వేళకు తూర్పున చంద్రుడు లేస్తాడు. కాస్త పైకొచ్చాక అరచేతిని చంద్రుడికి అడ్డం పెట్టి చుట్టుపక్కల వెతకండి. చిన్న చుక్కల గుంపు మసకగా కనిపిస్తుంది. అదే కృత్తిక, పల్లెల్లో పిల్లలకోడి. వెన్నెలకు అది కనబడకపోతే ఐదారు రోజులాగి, చంద్రుడు లేవకముందే అటే చూడండి. ఒక్కో ఏడు చంద్రుడు కృత్తికకు ముందున్న భరణిలోనో, తర్వాతి రోహిణిలోనో ఉంటాడు. అంతమాత్రాన నెల పేరు మారదు.

పాటలో పన్నెండే నెలలున్నా కొన్ని ఏళ్లకు పదమూడు వస్తాయి. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఆ తక్కువే పోగైపోతే శ్రావణం మెల్లగా మండుటెండల్లోకి జరిగిపోయేది. అందుకే సూర్యుడు కొత్త రాశిలోకి అడుగుపెట్టని నెల వస్తే దాన్ని అధికమాసమని లెక్కిస్తారు. ఇది దాదాపు రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. 2026లో ఆ వంతు జ్యేష్ఠానిది: ముందు అధికం, వెనక నిజం. ఆ ఏడు నేలలు నెర్రెలిచ్చే చరణాన్ని రెండుసార్లు పాడాలి.