చెక్కా లవంగాలూ యాలకులూ: డేగిసాలో ఎంత, చెంచాలో ఎంత

ఎమ్మిగనూరులో మా మేనమామ ఉన్నాడు. ముప్పై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. షుగర్ వచ్చిందని డాక్టరు చెప్పిన నాటినుంచీ ఆయన ఇంట్లో గుప్పెడు డబ్బాలు చేరాయి. వాటిలో ఒకటి చెక్క పొడి. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, గోరువెచ్చని నీళ్లల్లో కలిపి మింగుతాడు. ఎవరో చెప్పారట. "ఏం మామా, ఇంతింత పొడి రోజూ ఎందుకు?" అంటే, "ఏమిరా, ఆదోనిలో పెళ్లిండ్లల్లో బిర్యానీకి పిడికిళ్లకొద్దీ వేస్తుంటే ఎవరికీ ఏమీ కాలేదే, నా చెంచాకే అయిపోతుందా?" అన్నాడు.

అడిగిన తీరు వేళాకోళమే గాని ప్రశ్న గట్టిది. కెమిస్ట్రీ చదువుకున్నవాడు దానికి లెక్కగట్టి జవాబు చెప్పవలసిందే. ఈ వ్యాసం ఆ జవాబే.

బిర్యానీ మసాలా అనగానే చెక్క, లవంగం, యాలకులు ఒకే ఊపిరిలో వస్తాయి. అంగడివాడు కూడా మూడింటినీ ఒకే పొట్లంలో కట్టిస్తాడు. వాసన వేరైనా మూడూ ఒకే జాతి సరుకని మనకు అనిపిస్తుంది. లోపల చూస్తే వాటికి పోలికే లేదు. లవంగంలో నూటికి సుమారు పదిహేను పాళ్లు నూనె ఉంటుంది. ఆ నూనెలో ఎక్కువ భాగం, నూటికి డెబ్బైనుంచి తొంభై దాకా, యూజినాల్ అనే ఒకే పదార్థం. పంటి డాక్టరు గదిలో ముక్కుకు తగిలే వాసన అదే. యాలకుల కథ వేరు. వాటి సువాసనకు కారణం సినియోల్, టెర్పినైల్ ఎసిటేట్ అనేవి. మన లెక్కకు కావలసిన యూజినాల్ గాని, కూమరిన్ గాని వాటిలో చెప్పుకోదగ్గంత లేవు. కనుక యాలకులను ఇక్కడే పక్కన పెట్టేయవచ్చు. పాయసంలో నాలుగు ఎక్కువ పడ్డా ఈ రెండింటి బెడద లేదు.

చిక్కంతా చెక్కతోనే. ఎందుకంటే మనం చెక్క అని పిలిచేది ఒక చెట్టు బెరడు కాదు, రెండు మూడు చెట్ల బెరళ్లు. సింహళంలోనూ, మన కేరళ తీరంలోనూ పెరిగే అసలు దాల్చిన ఒకటి. చైనా, వియత్నాం, ఇండొనేషియాలనుంచి వచ్చే కాసియా మరొకటి. ఘాటు రెండింటిలోనూ ఉంటుంది, దాన్నిచ్చే సిన్నమాల్డిహైడ్ రెండింటికీ సామాన్యం. అయితే అసలు దాల్చినలో కొంచెం యూజినాల్ ఉంటుంది, కూమరిన్ దాదాపు ఉండదు. కాసియాలో యూజినాల్ దాదాపు లేదు, కూమరిన్ మాత్రం పుష్కలం. కిలో కాసియా పొడిలో సగటున 3 గ్రాముల కూమరిన్ అని ఒక లెక్క. సగటు అన్నానే గాని, ఒకే చెట్టునుంచి ఒలిచిన బెరడు ముక్కల్లోనే ఒకదానికీ మరొకదానికీ ఎన్నో రెట్ల తేడా కనిపించింది. మన కిరాణా అంగళ్లల్లో దొరికేది ఎక్కువగా ఈ కాసియాయే. చవక గనుక. ఆహార ప్రమాణాల్లో మన దేశం రెండింటినీ వేరువేరు పేర్లతో రాసిపెట్టింది గాని, పొట్లం కట్టేచోట ఆ తేడా ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు మామ అడిగిన డేగిసా లెక్క చూద్దాం. పది కిలోల బియ్యం, పది కిలోల మాంసం, నూరుమంది భోజనం అనుకుందాం. వంటమనిషి చెయ్యి ధారాళమైనదైతే 60 గ్రాముల చెక్క, 40 గ్రాముల లవంగం, 40 గ్రాముల యాలకులు వేస్తాడు. చెక్క అంతా కాసియాయే అనుకుంటే, అందులో కూమరిన్ 180 మిల్లీగ్రాములు. నూరుమందికి పంచితే తలకు 1.8. అదైనా చెక్కలోనిదంతా అన్నంలోకి దిగితేనే. నిజానికి చెక్క ముక్కలను ఏరి విస్తరి పక్కన పెట్టేస్తాం గదా.

ఇది ఎక్కువా, తక్కువా? యూరప్ ఆహార భద్రతా సంస్థ 2004లో ఒక హద్దు పెట్టింది. మనిషి బరువులో ప్రతి కిలోకూ రోజుకు 0.1 మిల్లీగ్రాము కూమరిన్ దాకా, జీవితాంతం తిన్నా ఫరవాలేదని. 60 కిలోల మనిషికి అది 6 మిల్లీగ్రాములు. బిర్యానీ తిన్నవాడు ఆ హద్దులో మూడో వంతు కూడా చేరలేదు. పైగా పెళ్లి రోజూ జరగదు.

లవంగం లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక లవంగం సుమారు 0.1 గ్రాము తూగుతుంది, అందులో యూజినాల్ 12 మిల్లీగ్రాములు. 40 గ్రాములంటే నాలుగు వందల లవంగాలు, తలకు నాలుగు, అంటే 48 మిల్లీగ్రాములు. యూజినాల్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం పెట్టిన హద్దు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. మన 60 కిలోల మనిషికి 150. మూతపెట్టి దమ్ చేసినా ఆవిరితోపాటు చాలా యూజినాల్ ఎగిరిపోతుంది. వీధి మొదట్లోనే మనకు బిర్యానీ వాసన కొట్టిందంటే ఆ పోయినదే అది. వంటమనిషి పొరపాటున మూడింతల లవంగం వేశాడనుకోండి, హద్దు దగ్గరికి వస్తాం. కానీ ఆ బిర్యానీని ఎవరూ రెండో ముద్ద తినలేరు. నాలుక మండుతుంది, తరువాత మొద్దుబారుతుంది. లవంగం తన ఎక్కువను తానే చెప్పేస్తుంది.

కూమరిన్‌కు ఆ గుణం లేదు. దాని వాసన ఎండిన పచ్చిగడ్డిలా, వెనిల్లాలా కమ్మగా ఉంటుంది. ఎక్కువైనా నాలుక ఊరుకుంటుంది. మామ చెంచా దగ్గరికి వచ్చేది ఇక్కడే. గీసిన చెంచాడు పొడి రెండున్నర గ్రాములు. రోజుకు రెండు చెంచాలు, 5 గ్రాములు. కాసియా అయితే 15 మిల్లీగ్రాముల కూమరిన్. హద్దు 6. అంటే రెండున్నర రెట్లు, అదీ రోజూ, నెలల తరబడి. ముక్కలు ఏరి పారేసేది లేదు, పొడి మొత్తం కడుపులోకే పోతుంది. అందులోని కూమరిన్ దాదాపు అంతా ఒంటికి పడుతుంది. అదే పొడిని పదిహేను కిలోల పిల్లవాడికి పాలల్లో కలిపితే, అర గ్రాముకే వాడి హద్దు నిండుతుంది. 2006లో జర్మనీలో క్రిస్మస్ బిస్కట్ల విషయమై ప్రభుత్వ సంస్థ హెచ్చరిక చేసింది ఈ కారణం చేతనే. అక్కడ కూడా ముందుగా లెక్కకు వచ్చింది చిన్నపిల్లలే.

హద్దు దాటితే ఆ రోజే ఏదో అయిపోతుందని కాదు. చాలామందిలో లివర్ కూమరిన్‌ను హాని లేని పదార్థంగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. కొందరిలో ఆ దారి ఇరుకు. అప్పుడు మరో దారిన కణాలను చెరిపే పదార్థం ఎక్కువ తయారవుతుంది. కాళ్ల వాపుకు కూమరిన్‌ను మందుగా పెద్ద మోతాదులో వాడిన రోజుల్లో, రోగుల్లో కొద్దిమందికి లివర్ చెడింది. అందుకే కొన్ని దేశాల్లో ఆ మందును తీసివేశారు. ఆ కొద్దిమందిలో మనం ఉన్నామో లేదో చూసి తెలుసుకునే గుర్తు ఏదీ లేదు. లివర్ పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ఎక్కువమందిలో మందు మానగానే అది సర్దుకుంది కూడా.

ఇక్కడ మన విద్యార్థులు తరచు పడే ఒక పొరపాటు చెప్పాలి. కూమరిన్ అనగానే రక్తం పలచబడుతుందంటారు. అది దాని పిల్ల చేసే పని. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిని అమెరికాలో పశువులు రక్తం కారి చచ్చేవి. ఆ బూజు కూమరిన్‌ను డైకుమరాల్‌గా మార్చిందని విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం 1940 ప్రాంతాల్లో తేల్చింది. వార్ఫరిన్ దాని వంశమే. చెక్కలోని కూమరిన్‌కు ఆ శక్తి లేదు, దాని గొడవ లివర్‌తోనే.

మామకు ఆ పొడి సంగతి చెప్పినవారు ఊరికే చెప్పలేదు. 2003లో పెషావర్‌లో అరవైమంది షుగర్ రోగులతో ఒక ప్రయోగం జరిగింది. 1, 3, 6 గ్రాముల చొప్పున నలభై రోజులు చెక్క పొడి ఇస్తే చక్కెర తగ్గిందని అందులో తేలింది. వాడింది కాసియానే. తరువాతి ప్రయోగాలన్నీ ఆ మాటే చెప్పలేదు, కొన్నింటిలో ఏ తేడా కనపడలేదు. ఆ ప్రయోగాన్నే నమ్మినా, 1 గ్రాము కూడా 6 గ్రాముల్లాగే పనిచేసినట్టు అందులోనే ఉంది. అంటే మామ మింగిన అదనపు పొడి లివర్‌కు బరువే తప్ప షుగర్‌కు లాభం కాదు. పైగా ఆయన పొడి మీది ధీమాతో మాత్రలు ఒక పూట మానేస్తున్నాడని అత్త చెప్పింది. నాకు కూమరిన్ కన్న అదే ఎక్కువ భయం వేసింది.

మరి డబ్బాలో ఉన్నదేదో తెలిసేదెట్లా? ముక్కలుగా ఉంటే కంటితోనే పోల్చుకోవచ్చు. అసలు దాల్చిన కాగితంలా పలచని పొరలు ఎన్నో కలిపి చుట్టిన చుట్టలా ఉంటుంది, లేత గోధుమ రంగు, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. కాసియా ఒకే మందపాటి పొర, ముదురు రంగు, విరిస్తే టక్కుమంటుంది. పొడి అయ్యాక కన్ను పనికిరాదు. అప్పుడు మన లేబొరేటరీలో ఒక పాత పరీక్ష ఉంది. చిటికెడు పొడిని నీళ్లల్లో మరిగించి, వడగట్టి, అయోడిన్ చుక్క వేయాలి. కాసియాలో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి ముదురు నీలం తేలుతుంది, అసలు దాల్చినకు రంగు అంతగా మారదు. కషాయం పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద వేస్తే నీలం కనపడదు, కాసియాను దాల్చిన అనుకుంటాం. పొడిలో పిండి కల్తీ చేసి ఉంటే అదీ నీలమే చూపుతుంది. ఇంకొక పరీక్ష నేరుగా కూమరిన్‌కే. తడిపిన పొడిని పరీక్షనాళికలో వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌లో ముంచిన ఫిల్టర్ కాగితంతో మూసి, మరిగే నీటిలో కాసేపు ఉంచి, ఆ కాగితాన్ని అతినీలలోహిత కాంతిలో చూస్తే పసుపు కలిసిన ఆకుపచ్చ మెరుపు వస్తుంది. ఉన్నదా లేదా అన్నదే ఇది చెబుతుంది, ఎంత అన్నది చెప్పదు.

లవంగం తనను తాను కాపాడుకుంటుందని అన్నాను. లవంగ నూనె సీసా విషయంలో ఆ మాట చెల్లదు. పంటి నొప్పికని చాలా ఇళ్లల్లో ఆ సీసా ఉంటుంది. ఒక చెంచా, 5 మిల్లీలీటర్ల నూనెలో యూజినాల్ నాలుగు గ్రాములకు పైనే, అంటే మూడు వందల యాభై లవంగాలకు సరి. రెండేళ్ల పిల్లలు ఒకటి రెండు చెంచాలు తాగేసి స్పృహ తప్పి, మూర్ఛలు వచ్చి, లివర్ దెబ్బతిన్న సంగతులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పారాసిటమాల్ ఎక్కువైనప్పుడు లివర్ చెడే పద్ధతే ఇక్కడా, వాడిన విరుగుడు కూడా దానిదే, ఎసిటైల్ సిస్టీన్. నాలుక మండేలోపలే గుక్క గొంతు దిగిపోతుంది. తాగితే వాంతి చేయించకూడదు, సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మామ పొడికి అయోడిన్ వేసి చూపించాను. నల్లగా అన్నంత నీలం వచ్చింది. కాసేపు చూసి, "పొడి పారేయాలనా?" అన్నాడు. అక్కర్లేదు, చెంచా మానితే చాలు, మాత్రలు రెండు పూటలా వేసుకో అన్నాను. ఆ డబ్బా ఇప్పుడు అత్త వంటింట్లో మసాలా అలమరలో ఉంది.