ఆథెంటికేటర్‌లో ఎంట్రీ తీసేసే ముందు

ఆథెంటికేటర్ యాప్ తెరిస్తే ఒకే జీమెయిల్ అడ్రస్‌తో రెండు ఎంట్రీలు కనిపించడం మామూలే. ఎప్పుడో ఫోన్ మార్చి మళ్లీ సెటప్ చేసుంటారు, పాతది అలాగే ఉండిపోతుంది. రెండింటిలోనూ 30 సెకన్లకోసారి ఆరంకెల కోడ్ మారుతూనే ఉంటుంది. పాతది తీసేయాలి సరే, ఇంతకీ పాతది ఏది?

అది యాప్‌కే తెలియదు. సెటప్ చేసేటప్పుడు స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. ఆ కీనీ, ఫోన్‌లోని టైమునూ కలిపి లెక్కకట్టి యాప్ కోడ్ చూపిస్తుంది. అటు గూగుల్ కూడా తన దగ్గరున్న కీతో అదే లెక్క వేసి సరిచూస్తుంది. కోడ్ చూపించడానికి యాప్ ఎవరినీ అడగనక్కర్లేదు, నెట్ లేకపోయినా చూపిస్తుంది. అందుకే గూగుల్ ఎప్పుడో రద్దుచేసిన కీ మీద కూడా కోడ్లు వస్తూనే ఉంటాయి. మీరు ఎంట్రీ తీసేసినా గూగుల్‌కు ఆ సంగతి తెలియదు. లాగిన్‌లో కోడ్ అడుగుతూనే ఉంటుంది, ఇవ్వడానికి మీ దగ్గర ఉండదు. జనం చిక్కుకునేది ఇక్కడే.

కాబట్టి ముందు పరీక్షించాలి. కంప్యూటర్‌లో అకౌంట్ లాగిన్ అయి ఉంటే దాన్ని అలాగే ఉంచి, పక్కనే ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. మెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చాక ఫోన్‌కు నోటిఫికేషన్ పంపితే Try another way నొక్కి, ఆథెంటికేటర్ కోడ్‌ను ఎంచుకోండి. మొదటి ఎంట్రీలోని కోడ్ కొట్టండి. లోపలికి వెళ్లనిస్తే పనిచేస్తున్నది అదే. రెండూ చెల్లకపోతే మాత్రం తొందరపడి ఏదీ తీసేయకండి. ఫోన్ టైము తప్పుగా ఉన్నా సరైన కోడ్ చెల్లదు. ఆటోమేటిక్ టైము పెట్టి మళ్లీ చూడండి. తేలాక, చెల్లని ఎంట్రీ పేరును ‘పాతది’ అని మార్చి, ఆ తర్వాతే తొలగించండి. యాప్‌ను గూగుల్ అకౌంట్‌తో సింక్ చేసుకుని ఉంటే, ఇక్కడ తీసేసింది ట్యాబ్‌లోనూ పోతుంది. ట్యాబ్‌లో ఉందిలే అన్న ధీమా వద్దు.

పనిచేస్తున్న ఎంట్రీనే వదిలించుకోవాలనుకుంటే, పని అకౌంట్ వైపు నుంచి మొదలుపెట్టాలి. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో 2-Step Verification లోకి వెళ్లి, ముందుగా Backup codes తీసుకోండి. ఎనిమిదంకెల కోడ్లు పది వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే చెల్లుతుంది. వాటిని ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాసుకోండి. అందులో ఒకదానితో ఇన్‌కాగ్నిటోలో లాగిన్ అయి చూసి, దాన్ని కొట్టేయండి. ఆ తర్వాత అదే పేజీలో Authenticator ను తొలగించి, చివరగా యాప్‌లో ఎంట్రీ తీసేయండి.

ఇప్పటికే పొరపాటున తీసేశారా? ఎక్కడైనా అకౌంట్ లాగిన్ అయి ఉంటే అక్కడ సైన్ అవుట్ చేయకండి. మీరేనని మళ్లీ నిరూపించుకోమని అడగవచ్చు గానీ, కొత్త క్యూఆర్ కోడ్ తీసుకోవడానికి అదే దగ్గరి దారి.